పట్టేసిన బ్యాటరీ టెర్మినల్‌ని బ్యాటరీ పగలకుండా ఎలా తీయాలి?

ఇవాళ మంచిర్యాలలో మా మామ ఇంటి ముందు ఉన్నా. మామది శ్రీరాంపూర్‌లో డ్యూటీ, ఈ వారం సెకండ్ షిఫ్ట్. పొద్దున బండి స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని ఆగిపోయిందట. బానెట్ ఎత్తి చూస్తే ప్లస్ టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా ఉప్పు పేరుకుపోయి ఉంది. నట్టు లూజ్ చేసినా క్లాంప్ కదలట్లేదు.

మామ ఏమన్నాడంటే, "అల్లుడా, కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కటి లేపురా, వస్తది." వద్దు మామా అన్నా. ఎందుకంటే రెండేళ్ల కింద నా బండికి నేను సరిగ్గా అదే చేసిన. క్లాంప్ వచ్చింది, కానీ పోస్ట్ మొదట్లో సన్నటి పగులు పడింది. అది వారం దాకా నాకు తెలవనే లేదు. రోజూ తుడిచినా అక్కడ తడి వస్తనే ఉంటే అప్పుడు అర్థమైంది. బ్యాటరీ మొత్తం మార్చాల్సి వచ్చింది.

అసలు అది ఎందుకు పగులుతదో చూడండి. పోస్ట్ అంటే సీసం దిమ్మ. సీసం మెత్తగా ఉంటది. అది ప్లాస్టిక్ మూతలోంచి పైకి వస్తది, ఆ రెండూ కలిసే చోటనే సీల్ ఉంటది. మీరు స్క్రూడ్రైవర్‌తో లేపితే దాని మొన మూత మీద ఆనుతది, బలమంతా ఆ ప్లాస్టిక్ మీదే పడతది. క్లాంప్‌ని గట్టిగా తిప్పితే పోస్ట్ కూడా తిరిగి సీల్ ఊడుతది, లోపల ప్లేట్ల జాయింట్ కూడా దెబ్బతింటది. సుత్తితో కొడితే ఇక చెప్పనక్కర్లేదు.

సరే, మొదలుపెడదాం. ఇంజన్ ఆఫ్, తాళం చెవి బయట. కళ్లద్దాలు, రబ్బరు గ్లోవ్స్ పెట్టుకున్నా, చేతి ఉంగరం తీసేసిన. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తది కాబట్టి బీడీ, సిగరెట్, నిప్పు దగ్గర్లో ఉండొద్దు. మామా, నువ్వు కొంచెం అటు జరుగు.

ముందు మైనస్ తీయాలి. అది బండి బాడీకి కలిసి ఉంటది. అది ఉండగానే ప్లస్ విప్పుతుంటే పానా పొరపాటున బాడీకి తాకిందా, పెద్ద షార్ట్ అయితది. మైనస్ ఈజీగానే వచ్చింది. దానికి గుడ్డ చుట్టి పక్కకు పెట్టిన.

ఇప్పుడు ప్లస్. గ్లాసు వేడినీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి, పాత టూత్ బ్రష్‌తో కొంచెం కొంచెం రాస్తున్నా. బుసబుసమని నురగ వస్తుంది చూడండి, అది యాసిడ్ విరిగిపోతున్న గుర్తు. నురగ ఆగిందాకా మళ్లీ మళ్లీ రాయాలి. కానీ నీళ్లు పోసే మూతలు గట్టిగా బిగించి ఉండాలి, సోడా నీళ్లు లోపలికి పోతే లోపలి యాసిడ్ పాడైతది.

నట్టు పది నంబరు. ఇక్కడ ఒక ట్రిక్: బోల్టు తలని ఇంకో పానాతో పట్టుకుని నట్టు తిప్పాలి. లేకపోతే మీ బలం పోస్ట్‌కే పోతది. తర్వాత క్లాంప్ చీలికలో మాత్రమే స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా విడదీయాలి, మూత మీద ఆనించకుండా.

అయినా రాలేదు. ఇప్పుడు పుల్లర్. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటది, అడిగి తెచ్చిన. రెండు కొక్కేలు క్లాంప్ కిందికి పోతాయి, మధ్య స్క్రూ పోస్ట్ నెత్తి మీద ఆనుతది. క్లాంప్‌ని పైకి లాగే బలం, పోస్ట్‌ని కిందికి నెట్టే బలం ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి మూత మీద దాదాపు ఏమీ పడదు. స్క్రూని పావు చుట్టు తిప్పి, ఆగి, సోడా నీళ్లు ఇంకోసారి రాసి, మళ్లీ పావు చుట్టు. కొక్కెం వంకరగా పోతుంటే తీసి మళ్లీ పెట్టాలి.

టక్! విన్నారా? పోస్ట్ కింద లావు, పైన సన్నం. అందుకే రెండు మిల్లీమీటర్లు పైకి కదిలితే చాలు, మిగతాది చేత్తోనే వచ్చేస్తది.

పుల్లర్‌కి కూడా రాకపోతే? క్లాంప్‌ని బలి ఇవ్వండి. ఆటో ఎలక్ట్రీషియన్‌తో దాన్ని పోస్ట్‌కి దూరంగా ఉన్న వైపు హ్యాక్సా బ్లేడుతో మెల్లగా కోయించండి. కొత్త క్లాంప్ కొన్ని వందల్లో వస్తది, బ్యాటరీ వేలల్లో.

ఇప్పుడు అసలు టెస్ట్. పోస్ట్ మొదట్లో నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచిన. టార్చ్ వేసి చూస్తే గీత లేదు. వేలితో మెల్లగా కదిలిస్తే పోస్ట్ కదలట్లేదు. అరగంట ఆగి మళ్లీ చూసిన, పొడిగానే ఉంది. తడి వచ్చి ఉంటే సీల్ పోయినట్టే, ఎంఎసీల్ పెట్టి సరిపెట్టుకోవద్దు.

ఉప్పు అంతా గీకి మెరిసేలా చేసి, ప్లస్ ముందు, మైనస్ చివర్లో బిగించి, పైన కొంచెం వ్యాజిలిన్ రాసిన. "ఇక రెండో చుట్టు బిగించకురా, బోల్టు తెగుతది" అంటున్నాడు మామ. కరెక్టే, చేత్తో తిప్పితే క్లాంప్ కదలకపోతే చాలు. తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, గడియారం మాత్రం మళ్లీ పెట్టుకోవాలి. మామకి సెకండ్ షిఫ్ట్ టైమ్ అయితుంది, బండి తీసుకుని పోతున్నాడు.