నష్టాల ఏడాది తర్వాత చైర్మన్ ప్రసంగం

కంపెనీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చైర్మన్ ప్రసంగించి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. 2013 నాటి కంపెనీల చట్టం అడిగేది వేరు. ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోగా సమావేశం జరపాలి. మార్చిలో లెక్కలు ముగించే కంపెనీకి ఆ గడువు సెప్టెంబరు నెలాఖరు. కనీసం 21 రోజుల ముందు వాటాదారులకు నోటీసు పంపాలి. లెక్కల ఆమోదం, డివిడెండు, వంతు ప్రకారం పదవీ విరమణ చేసే డైరెక్టర్లను మళ్లీ తీసుకోవడం, ఆడిటర్ నియామకం వంటివి సభ ముందుంచాలి. ప్రసంగం ఆనవాయితీగా వచ్చి స్థిరపడింది. లాభాలు బాగా వచ్చిన ఏడాది దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నష్టం వచ్చిన ఏడాది మాత్రం అందరూ దానికోసమే ఎదురు చూస్తారు.

ఈ ప్రసంగం ఎవరిని ఉద్దేశించినదో ఓటింగ్ పద్ధతి చూస్తే తెలుస్తుంది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలు వాటాదారులకు ఇంటి నుంచే ఓటు వేసే ఏర్పాటు చేయాలి. ఈ ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు సాగి, సమావేశానికి ముందు రోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది. అప్పటికి ఓటు వేయనివారు సమావేశంలో వేయవచ్చు. కానీ పెద్ద వాటాలున్న మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు సాధారణంగా ముందే వేసేస్తాయి. అంటే చైర్మన్ నోరు విప్పే సమయానికి తీర్మానాల భవితవ్యం చాలావరకు తేలిపోయి ఉంటుంది. కాబట్టి ఆ ప్రసంగం ఓట్ల కోసం కాదు. వాటా అమ్మాలా, ఉంచుకోవాలా అని తటపటాయిస్తున్న చిన్న మదుపరి, అప్పిచ్చిన బ్యాంకు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని చూస్తున్న ఉద్యోగి, ఆ రోజు వాళ్లందరూ వింటారు.

ఇలాంటి ప్రసంగం ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి టాటా మోటార్స్ మంచి ఉదాహరణ. ఆ కంపెనీ 2008లో ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 230 కోట్ల డాలర్లకు కొన్నది. దశాబ్దం తిరిగేసరికి ఆ బ్రిటిష్ కంపెనీ కష్టాల్లో పడింది. 2018-19లో చైనాలో దాని అమ్మకాలు దాదాపు మూడో వంతు పడిపోయాయి. యూరప్‌లో డీజిల్ కార్లకు గిరాకీ తగ్గింది. బ్రెగ్జిట్ ఎటు తేలుతుందో తెలియని అనిశ్చితి దానికి తోడయింది. ఆ ఏడాది టాటా మోటార్స్ గ్రూపు మొత్తం నష్టం దాదాపు 28,800 కోట్ల రూపాయలు. ఒక్క డిసెంబరు త్రైమాసికంలోనే దాదాపు 27,000 కోట్లు పోయాయి. భారతీయ కంపెనీ ఏదీ అప్పటివరకు ఒక త్రైమాసికంలో అంత నష్టం చూపలేదు.

ఆ నష్టంలో అత్యధిక భాగం, దాదాపు 27,800 కోట్లు, ఆస్తుల విలువ తగ్గించి రాయడం వల్ల వచ్చింది. నష్టాల ఏడాది ప్రసంగాల్లో తరచుగా వినిపించే ఓదార్పు ఇక్కడే పుడుతుంది. ఇది పుస్తకాల్లో చూపిన నష్టమే, చేతిలోంచి నగదు పోలేదు అన్నది ఆ ఓదార్పు. అందులో ఎంత నిజముందో తెలియాలంటే ఒక చిన్న రైస్ మిల్లు లెక్క చూస్తే చాలు. యజమాని 50 లక్షలు పెట్టి యంత్రాలు కొన్నాడు, పద్దులో 50 లక్షలని రాసుకున్నాడు. తర్వాత ధాన్యం రాక తగ్గింది. ఆ యంత్రాలు నడిచినన్నాళ్లూ సంపాదించేది, చివరికి అమ్మితే వచ్చేది ఎంత లెక్కేసినా 30 లక్షలు దాటదని తేలింది. అప్పుడు పద్దులో విలువను 30 లక్షలకు దించి, తేడా 20 లక్షలను ఆ ఏడాది నష్టంగా చూపాలి. ఆ ఏడాది 20 లక్షల నగదు బయటికి పోని మాట నిజమే. అయితే ఆ డబ్బు యంత్రాలు కొన్ననాడే పోయింది. తిరిగి రాదని ఇప్పుడు ఒప్పుకున్నారు, అంతే. నగదు పోలేదని చెప్పి ఊరుకునే ప్రసంగం అందుకే సగం నిజమే చెబుతుంది. ఆ డబ్బు ఏ మోడళ్ల మీద, ఏ కర్మాగారాల మీద ఖర్చయింది, ఏ అంచనా తప్పింది అన్నది మిగతా సగం.

రెండో ఓదార్పు, ఇది ఒక్కసారికే వచ్చిన నష్టమని చెప్పడం. దీన్ని మరింత జాగ్రత్తగా వినాలి. 2021 ఫిబ్రవరిలో జాగ్వార్‌ను పూర్తిగా విద్యుత్ కార్ల బ్రాండుగా మారుస్తామని ప్రకటించారు. తయారీలో ఉన్న కొన్ని మోడళ్లను ఆపేశారు. దాంతో దాదాపు 15,000 కోట్ల రూపాయల అసాధారణ ఖర్చు మళ్లీ లెక్కల్లోకి ఎక్కింది. 2020-21లో గ్రూపు నష్టం 13,000 కోట్లు దాటింది. మూడేళ్ల వ్యవధిలో రెండుసార్లు ఇంత పెద్ద మొత్తాలు కొట్టేయాల్సి వచ్చినప్పుడు, వాటిని మామూలు వ్యాపార ఫలితాల నుంచి విడదీసి చూడటం వాటాదారుకు న్యాయం కాదు.

ఈ రెండు నష్టాల మధ్య, 2020 ఆగస్టు 25న జరిగిన సమావేశంలో చైర్మన్ ఎన్.చంద్రశేఖరన్ చేసిన ప్రసంగం ప్రత్యేకంగా చూడదగ్గది. అప్పుడే ముగిసిన 2019-20లో గ్రూపు నష్టం దాదాపు 12,000 కోట్లు. దేశంలో లారీల అమ్మకాలు బాగా పడిపోయాయి, కొత్త కాలుష్య ప్రమాణాలు రాబోతున్నాయి, ఏడాది చివర కోవిడ్ వచ్చిపడింది. డివిడెండు లేదు. ఆ పరిస్థితిలో చైర్మన్ మంచి రోజులు వస్తాయని చెప్పి వదిలేయలేదు. ఒక అంకెను, ఒక గడువును సభ ముందు పెట్టారు. వాహన వ్యాపారం మీద దాదాపు 48,000 కోట్ల నికర అప్పు ఉందనీ, మూడేళ్లలో దాన్ని దాదాపు సున్నాకు తెస్తామనీ చెప్పారు. 2021-22 నాటికి ఖర్చులన్నీ పోను నగదు మిగిలే స్థితికి చేరతామనీ, ప్రధాన వ్యాపారానికి అవసరం లేని పెట్టుబడులను అమ్ముతామనీ అన్నారు.

నికర అప్పు అంటే మొత్తం అప్పులోంచి చేతిలో ఉన్న నగదును, వెంటనే నగదుగా మార్చుకోగల పెట్టుబడులను తీసివేయగా మిగిలేది. వాహన రుణాలిచ్చే అనుబంధ సంస్థ అప్పు ఇందులోకి రాదు, అప్పు తెచ్చి అప్పివ్వడమే దాని వ్యాపారం కాబట్టి. లాభనష్టాల లెక్కలో అంచనాలకు చోటు ఎక్కువ. యంత్రం ఎన్నేళ్లు పనిచేస్తుంది, ఆస్తి విలువ ఎంత అన్నవన్నీ యాజమాన్యం నిర్ణయాలే. నికర అప్పులో అంత వెసులుబాటు ఉండదు. బ్యాంకుకు ఎంత బాకీ, ఖాతాలో ఎంత ఉంది అన్నవి బయటివాళ్లు సరిచూడగలిగిన అంకెలు. అలాంటి కొలబద్దను చైర్మన్ తానుగా ఎంచుకోవడం ఆ ప్రసంగంలోని బలం. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. నికర అప్పును మార్చి 31 నాటి నిల్వ చూసి లెక్కిస్తారు. సరఫరాదారుల బిల్లులు ఏప్రిల్‌కు నెట్టినా ఆ ఒక్క రోజున అంకె తగ్గి కనిపిస్తుంది. అందుకే దాన్ని నగదు ప్రవాహ పట్టికతో కలిపి చదవాలి.

తర్వాత జరిగిందేమిటి? 2021 మార్చి నాటికి నికర అప్పు దాదాపు 41,000 కోట్లకు దిగింది. అంతలో ప్రపంచమంతటా చిప్‌ల కొరత మొదలైంది. ఆర్డర్లున్నా కార్లు తయారు చేయలేని పరిస్థితి ఏర్పడింది. తయారీ తగ్గితే అమ్మకపు డబ్బు రావడం ఆలస్యమవుతుంది, సరఫరాదారులకు ఇవ్వాల్సిన పాత బిల్లులు మాత్రం ఆగవు. 2021-22లో నగదు మిగలలేదు సరికదా, ఎదురు ఖర్చయింది. 2022 మార్చికి అప్పు మళ్లీ 48,000 కోట్లు దాటి మొదటికొచ్చింది. 2023 మార్చిలో దాదాపు 44,000 కోట్లు. చెప్పిన మూడేళ్ల గడువు ఆ ఆగస్టుతో ముగిసింది, మాట మాత్రం నెరవేరలేదు.

అక్కడి నుంచి పరిస్థితి వేగంగా మారింది. చిప్‌ల సరఫరా కుదుటపడ్డాక పేరుకుపోయిన ఆర్డర్లు తీరాయి. ఎక్కువ లాభం మిగిల్చే రేంజ్ రోవర్, డిఫెండర్ బండ్ల తయారీకి ముందు పీట వేశారు. విద్యుత్ కార్ల వ్యాపారంలోకి టీపీజీ రైజ్ క్లైమేట్ నేతృత్వంలో 7,500 కోట్ల పెట్టుబడి తీసుకోవాలని 2021లోనే ఒప్పందం కుదిరింది. 2023 నవంబరులో టాటా టెక్నాలజీస్ పబ్లిక్ ఇష్యూ ద్వారా అందులోని కొన్ని వాటాలు అమ్మారు. 2024 మార్చికి నికర అప్పు 16,000 కోట్లకు తగ్గింది. 2025 మార్చికి అప్పు పోను దాదాపు 1,000 కోట్ల నగదే మిగిలింది. 2022-23 సంవత్సరానికి వాటాకు 2 రూపాయల డివిడెండు ఇచ్చారు. అంతకుముందు చివరిసారి ఇచ్చింది 2015-16కు.

మూడేళ్లన్నది నాలుగున్నరేళ్లు దాటింది. అయినా ఆ మాట మంచి మాటే. గడువు తప్పిందని, లక్ష్యం చేరిందని రెండూ ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నామంటే, అందులో అంకె, తేదీ ఉండటమే కారణం. సుదీర్ఘ ప్రయాణంలో ఇదొక మజిలీ అని, మన పునాదులు బలమైనవని చెప్పే ప్రసంగాన్ని ఐదేళ్ల తర్వాత ఎవరూ నిలదీయలేరు. అందులో తప్పడానికీ ఏమీ ఉండదు, నెగ్గడానికీ ఏమీ ఉండదు.

బలహీనమైన ప్రసంగాన్ని పసిగట్టడానికి పాత ప్రసంగాలను పక్కన పెట్టుకోవడమే మార్గం. నిరుడు నికర లాభం గురించి మాట్లాడిన చైర్మన్ ఈ ఏడు వడ్డీ, తరుగుదల తీసేయక ముందరి లాభం గురించే మాట్లాడితే, కొలబద్ద మారిందని అర్థం. లాభాలు వచ్చినప్పుడు యాజమాన్యం దక్షత, నష్టం వచ్చినప్పుడు మార్కెట్ పరిస్థితి కారణమని చెబితే, అదే రంగంలోని మరో రెండు కంపెనీల ఫలితాలు చూడాలి. వాళ్లకూ అంతే నష్టం వస్తే ఆ మాట నిజం. రాకపోతే తప్పు ఇంట్లోనే ఉంది.

ప్రసంగం అయ్యాక వాటాదారుల ప్రశ్నలు మొదలవుతాయి. 2020లో కోవిడ్ వల్ల ఆన్‌లైన్ సమావేశాలకు అనుమతి వచ్చింది. దాంతో ముంబయి వెళ్లే పని లేకుండా విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉన్న చిన్న మదుపరి కూడా హాజరు కాగలుగుతున్నాడు. అయితే మాట్లాడాలంటే నోటీసులో చెప్పిన గడువులోగా తన పేరు నమోదు చేసుకోవాలి. సమయం సాధారణంగా రెండు మూడు నిమిషాలే. నిరుడు సభలో చెప్పిన ఫలానా లక్ష్యం ఎంతవరకు వచ్చింది, ఎందుకు ఆగింది, కొత్త గడువు ఏది అని అడగడానికి ఆ సమయం సరిపోతుంది. చైర్మన్ కూడా అన్నీ చెప్పలేరు. వాటా ధరను ప్రభావితం చేసే కొత్త సమాచారాన్ని ముందుగా ఎక్స్ఛేంజీలకు తెలియజేయకుండా సభలో బయటపెట్టడం సెబీ నిబంధనలకు విరుద్ధం. అలాంటి ప్రశ్నకు వచ్చే మౌనాన్ని తప్పించుకోవడంగా భావించనక్కర్లేదు. ఇప్పటికే ప్రచురించిన అంకె మీద అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.