నర్సుకు పంపే మందు ఫోటో: ప్రతి అక్షరం చదవగలిగేలా ఎలా తీయాలి?



పిల్లలకు జ్వరం వచ్చిన మర్నాడు ఉదయం క్యాంపస్ నర్సు ఫోన్‌కు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇది: “రాత్రి ఈ సిరప్ 5 మి.లీ. వేశాం.” కింద ఒక సీసా ఫోటో. అందులో కంపెనీ పెట్టిన పేరు పెద్దగా కనిపిస్తుంది. దాని కింద ఉన్న చిన్న అక్షరాలు మాత్రం మసకగా ఉంటాయి. నర్సుకు కావలసింది ఆ చిన్న అక్షరాలే.

ఎందుకో చూడండి. పారాసెటమాల్ సిరప్‌లు 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నవీ, 250 మి.గ్రా. ఉన్నవీ దొరుకుతాయి. చంటిపిల్లల డ్రాప్స్‌లోనైతే సాధారణంగా ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. అంటే “5 మి.లీ. వేశాం” అన్న మాటకు 125, 250 లేదా 500 మి.గ్రా. అని మూడు అర్థాలు రావచ్చు. 15 కిలోల ఎల్‌కేజీ పాపకు ఒక్క మోతాదుకు సాధారణంగా ఇచ్చేది 150 నుంచి 225 మి.గ్రా. మాత్రమే. తర్వాతి మోతాదు ఎప్పుడు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో లేదో తేల్చేది లేబుల్ మీది ఆ ఒక్క అంకె.

సీసా

సీసా గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒక్క ఫోటోలో లేబుల్ అంతా రాదు. సీసాను బల్ల మీద నిలబెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ మూడు ఫోటోలు తీయండి. ఒక ఫోటో అంచున ఉన్న పదాలు తర్వాతి ఫోటోలో మధ్యకు రావాలి. ఫోన్‌ను మరీ దగ్గరగా పెడితే కెమెరాకు ఫోకస్ కుదరదు. ఒక జానెడు దూరం నుంచి కొంచెం జూమ్ చేసి, స్క్రీన్ మీద ఆ చిన్న అక్షరాలపైనే వేలితో తాకండి. ఫోకస్ అక్కడ నిలుస్తుంది. మందు కొలిచిన మూతనో, చెంచానో, డ్రాపర్‌నో పక్కనే పెట్టి మరో ఫోటో తీయండి.

స్ట్రిప్

రేకు మెరుస్తుంది. ఫ్లాష్ వేస్తే అక్షరాల మీద తెల్లని మచ్చ పడుతుంది. ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా స్ట్రిప్‌ను బల్ల మీద పరచండి. ఇంకా మెరుస్తుంటే ఫోన్‌ను కదపకుండా స్ట్రిప్ ఒక అంచును కొంచెం పైకి లేపండి. మెరుపు పక్కకు జరుగుతుంది. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ కొన్ని స్ట్రిప్‌లలో సిరా లేకుండా నొక్కి అచ్చు వేసి ఉంటాయి. వాటికి ఎదురు వెలుగు పనికిరాదు. పక్క నుంచి టార్చ్ వేస్తే గుంటల్లో నీడ పడి అంకెలు తేలతాయి. ముందు వైపు, వెనుక వైపు రెండూ తీయండి.

ఈ వివరాలు చాలా స్ట్రిప్‌లలో ఒక చివరనే ఉంటాయి. అందుకే మాత్రలను ఎప్పుడూ రెండో చివర నుంచి కత్తిరించండి. ఆ చివర పోతే ఎంత మంచి ఫోటో అయినా తేదీ చెప్పలేదు.

విడి మాత్ర

తెల్ల మాత్రను ముదురు రంగు గుడ్డ మీద, రంగు మాత్రను తెల్ల కాగితం మీద పెట్టండి. పక్కన స్కేలు ఉంచి రెండు వైపులా ఫోటో తీయండి. అయితే ఒక పరిమితి గుర్తుంచుకోండి. మన దగ్గర దొరికే చాలా మాత్రల మీద ఏ అక్షరాలూ ఉండవు. గుండ్రటి తెల్ల మాత్ర ఫోటో చూసి అది ఏ మందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అందుకే స్కూలుకు విడి మాత్రలను పొట్లం కట్టి పంపవద్దు. స్ట్రిప్‌తోనే పంపండి.

పంపేటప్పుడు

వాట్సాప్ మామూలుగా ఫోటోను కుదించి పంపుతుంది. దాంతో చిన్న అక్షరాలు చెదిరిపోవచ్చు. పంపే ముందు HD గుర్తు నొక్కండి, లేదా అటాచ్‌లో Document ఎంచుకుని పంపండి. తర్వాత మీరు పంపిన ఫోటోను చాట్‌లోనే తెరిచి, పెద్దది చేసి, ఈ నాలుగూ పైకి చదవండి: మందు అసలు పేరు, ఎన్ని మి.లీ.లో లేదా ఒక్కో మాత్రలో ఎన్ని మి.గ్రా., బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ. ఏది చదవలేకపోయినా మళ్లీ తీయండి. ఒక అంకె 3గానూ 8గానూ కనిపిస్తుంటే అది చదవగలిగినట్టు కాదు. ఫోటో కింద ఎంత మందు, ఎన్ని గంటలకు ఇచ్చారో టైప్ చేయండి.

పిల్లలు పొరపాటున మందు మింగితే మాత్రం ఫోటో కోసం ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి లేదా ఆసుపత్రికి బయలుదేరండి. సీసానో, స్ట్రిప్‌నో, మిగిలిన మాత్రలతో సహా చేతిలో పట్టుకుని వెళ్లండి.