గడప అవతల వదిన

ఫాల్గుణ మాసంలో అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చేతిలో ఫోను ఉండగా ఉత్తరం రాశాడంటే, నోటితో చెప్పలేని సంగతేదో ఉందని కవరు చూడగానే అనుకున్నాను. మొత్తం నాలుగు కాగితాలు. మూడింటి నిండా కొబ్బరి దింపు, ధాన్యం డబ్బులు, మనవల చదువులు. నాలుగో కాగితంలో అసలు విషయం ఉంది. ఊరు, పేర్లు లేకుండా అయితే రాసుకోమని అన్నయ్య ఒప్పుకున్నాకే దాన్ని ఇక్కడ పెడుతున్నాను.

“తమ్ముడూ, నువ్వు మనసు డాక్టరువి కనక రాస్తున్నాను. పిల్లలకి చెప్పకు. మీ వదిన కల్లోకి వస్తోంది. ఎప్పుడొచ్చినా తెల్లారగట్లే. వీధి గుమ్మం దగ్గర, గడప అవతల నిలబడుతుంది. ఆకుపచ్చ నేత చీర, తడి జుట్టుకి తువ్వాలు. మనిషి బాగానే ఉంటుంది. నా వంకే చూస్తుంది గానీ ఒక్క మాట మాట్లాడదు. లోపలికి రాదు. పిలుద్దామంటే గొంతు పెగలదు, లేద్దామంటే కాళ్లు రావు. మెలకువ వచ్చేసరికి నాలుగో నాలుగున్నరో అవుతుంది. పంతులుగారు ఏదో కోరిక మిగిలిపోయి ఉంటుంది, శాంతి చేయించమన్నారు. పిన్ని ‘నిన్ను రమ్మంటోందేమోరా’ అంది. నాకు మాత్రం నా మీద కోపంతోనే మాట్లాడటం లేదనిపిస్తోంది. నాకు మతి పోతోందా? దాచకుండా చెప్పు. మందు రాయాలంటే రాయి. కానీ మందు వేసుకుంటే రావడం మానేస్తుందేమో, అదొకటి ఉంది.”

ఆ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. భయపడుతున్న కలే పోతుందేమోనని భయపడటం, భార్య పోయిన మగవాళ్ల దగ్గర నేను చాలాసార్లు చూసిందే. అయితే వాళ్లెవరూ మొదటిసారి వచ్చినప్పుడే ఆ మాట చెప్పలేదు. నిద్ర పట్టడం లేదనో, గ్యాస్ అనో, గుండెలో బరువనో చెబుతారు. అసలు సంగతి మూడోసారో నాలుగోసారో బయటపడుతుంది.

మతి పోవడం గురించి అన్నయ్యకు ముందు జవాబు రాశాను. వేల్స్‌లో డెవీ రీస్ అని ఒక డాక్టరు ఉండేవాడు. పల్లెటూరి వైద్యం చేసేవాడు. తన ప్రాంతంలో భర్తను గానీ భార్యను గానీ పోగొట్టుకున్న 293 మందిని కూర్చోబెట్టి అడిగి, వాళ్లు చెప్పింది 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. వాళ్లలో దాదాపు సగం మందికి పోయినవాళ్లు దగ్గర్లోనే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, వినిపించడమో జరిగింది. అదీ కలలో కాదు, మెలకువలో. ఎక్కువమందికి అది ఊరటగానే ఉంది. వాళ్లలో మతి చెడినవాళ్లెవరూ కారు. నా మనసులో నిలిచిపోయింది ఇంకొకటి. మూడొంతుల మందికి దగ్గరగా అంతకుముందు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మెలకువలో కనిపించడమే అంత మామూలైనప్పుడు, కలలోకి రావడం ఏం జబ్బు?

ఇక తెల్లారగట్ల సంగతి. మనం రాత్రంతా ఒకే రకంగా నిద్రపోం. సుమారు గంటన్నరకోసారి నిద్రలో ఒక దశ వస్తుంది. అప్పుడు మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదులుతాయి. దాన్ని రెమ్ నిద్ర అంటారు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో దాని గుట్టు తెలిసింది. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశలోనే వస్తాయి. తొలిజామున అది కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారుతున్న కొద్దీ పొడుగవుతుంది. తెల్లవారుజాము కలకి మనవాళ్లు అంత విలువ ఇచ్చింది ఊరికే కాదు, ఆ వేళ వచ్చే కల నిజంగానే పొడుగ్గా, కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పైగా అన్నయ్యకు డెబ్బై దగ్గరపడింది. నాలుగింటికి బాత్రూముకి లేవడం అలవాటు. కల మధ్యలో మెలకువ వస్తే కల గుర్తుంటుంది. తెల్లారేదాకా నిద్రపోయేవాడికి అదే కల వచ్చినా లేచేసరికి చెరిగిపోతుంది.

కాళ్లు రాకపోవడం కూడా అక్కడిదే. రెమ్ నిద్రలో మెదడు మన కండరాలను కట్టేస్తుంది. ఊపిరి ఆడుతుంది, కళ్లు కదులుతాయి, తక్కిన ఒళ్లు కదలదు. లేకపోతే కలలో పరుగెత్తేవాడు మంచం మీంచి పడిపోతాడు. “నువ్వు లేవలేకపోవడం వదిన మీద ప్రేమ తక్కువై కాదు, నిద్ర అలాంటిది” అని రాశాను. ఈ ఒక్క మాటే తనకి ఎక్కువ పనిచేసిందని తరవాత చెప్పాడు. ఆవిడ గుమ్మంలో నిలబడితే తాను మంచం దిగలేదన్న బాధ లోలోపల తినేస్తోందట.

మరి ఆ మౌనం? ఆ గుమ్మం? కలకు ఇదీ అర్థమని ఏ వైద్యుడూ రుజువు చేయలేడు. ఇక్కడ చెప్పేది తమ్ముడిగా నా ఊహ. వదిన కార్తీకంలో పోయింది. తలంటు పోసుకుని వచ్చి తువ్వాలు విప్పుతూ పడిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో, గొంతులో గొట్టంతో ఉంది. ఆ తొమ్మిది రోజులూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడటం కుదరదు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు లోపలికి పంపేవాళ్లు. మిగతా వేళంతా అన్నయ్య ఐసీయూ అద్దాల తలుపు దగ్గర నిలబడేవాడు. కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తొంగి చూసేవాడు. పిలిస్తే పలకని మనిషి లోపల, గడప దాటలేని మనిషి బయట. కలలో ఇద్దరి చోట్లూ మారాయి. పడుకున్నవాడు అన్నయ్య, తలుపు అవతల మాట లేకుండా నిలబడి చూస్తున్నది వదిన. ఆకుపచ్చ చీర, తడి జుట్టు, తువ్వాలు, అన్నీ ఆ రోజువే.

ఇది రాసి, “ఆవిడకు కోపం ఉందని ఎందుకనుకుంటున్నావు?” అని అడిగాను. ఈసారి ఫోను చేశాడు. ముందురోజు రాత్రి తలనొప్పిగా ఉందని వదిన అందట. మాత్ర వేసుకుని పడుకోమన్నాడట. అంతే. ఆ ఒక్క ముక్కని నాలుగు నెలలుగా మోస్తున్నాడు.

పరామర్శకు వచ్చినవాళ్లు ఏమన్నారో నాకు తెలుసు, నేనూ అక్కడే ఉన్నాను. “పుణ్యస్త్రీ, పసుపు కుంకాలతో వెళ్లిపోయింది” అన్నారు. ఆవిడ అదృష్టాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ మాటకు అన్నయ్య తలూపాడు, ఇంకేం చేస్తాడు? ఈ మాట అనడం మనం మానుకోవాలి. అనేవాళ్లది మంచి మనసే, కానీ ఆ మాట తరవాత మగవాడికి ఏడవడానికి చోటు ఉండదు. ఆయన కోసం ఆవిడ ముందు పోవడమే మంచిదని ఆయనతోనే ఒప్పిస్తున్నాం.

భార్య పోయాక మగవాడి ఒంటికి ఏమవుతుందో లెక్కలున్నాయి. ఇంగ్లండులో భార్యను పోగొట్టుకున్న 55 ఏళ్లు పైబడినవాళ్లు 4,486 మందిని ఏళ్ల తరబడి గమనించారు. 1969లో వచ్చిన ఆ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు, అదే వయసులో భార్య ఉన్నవాళ్లకంటే 40 శాతం ఎక్కువ. గుండె జబ్బే పెద్ద కారణం. అందుకే కల సంగతి పక్కనపెట్టి, “బీపీ చూపించుకున్నావా, ఏ మాత్రలు వేసుకుంటున్నావు?” అని అడిగాను. పుష్యంలో ఊళ్లో డాక్టరు మెటోప్రొలాల్ మొదలుపెట్టాడట. కల అంతకుముందు నెలకోసారి వచ్చేది, సంక్రాంతి తరవాత వారానికి రెండు మూడుసార్లు వస్తోంది. ఆ జాతి బీపీ మందులు కొందరికి కలల్ని పదును పెడతాయి. అలాగని సొంతంగా మానేయకూడదు, ఉన్నట్టుండి ఆపితే గుండెకే ప్రమాదం. వాళ్ల డాక్టరుతో మాట్లాడాను, ఆయన నెమ్మదిగా తగ్గించి వేరే మందు ఇచ్చారు. నేను మాత్రం మనసుకి మందు రాయలేదు. దిగులుకి వాడే మందుల్లో చాలావరకు రెమ్ నిద్రను తగ్గిస్తాయి, అన్నయ్య అనుమానం తప్పేం కాదు. అవసరం పడితే రాసేవాడినే, ఇప్పుడు పడలేదు.

అవసరం ఎప్పుడు పడుతుంది? పట్టపగలు మెలకువలో లేని మనుషులు తరచూ కనిపిస్తూ, దారులూ లెక్కలూ తప్పుతుంటే. నిద్రలో కాళ్లు చేతులు విసిరి కేకలు పెడుతుంటే. అది రెమ్ నిద్ర కట్లు తెగిన లక్షణం, నరాల డాక్టరుకి చూపించాలి. ఆరు నెలలు దాటాకా దాదాపు రోజంతా అదే ధ్యాస, అన్నం సయించదు, గడప దాటబుద్ధి కాదు అంటే దాన్ని తెగని దుఃఖమనే జబ్బుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అమెరికా వైద్యులు ఏడాది గడువు పెట్టుకున్నారు. దానికి మాటల చికిత్స ఉంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది పిన్ని అన్న మాట. “రమ్మంటోందేమో” అన్నది ఒంటరివాడి చెవిలో పడితే ఊరికే పోదు. అందుకని అన్నయ్యని సూటిగానే అడిగాను, “నీకూ వెళ్లిపోవాలని ఉందా?” అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. కాసేపు మాట్లాడలేదు. “అప్పుడప్పుడు. కానీ దూడ ఉంది కదా, దానికి నేనే పాలు విడవాలి” అన్నాడు. ఆ రోజు నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తున్నాను. ఇంట్లో అడిగే మనిషి లేనివాళ్లకు 14416 అనే టెలీ మానస్ నంబరు ఉంది. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

శాంతి చేయించాలా అని అడిగాడు. చేయించుకోమన్నాను. మాసికాలు పెడుతున్నవాడికి అదేం బరువు కాదు, పేరు పెట్టి పిలిచి నీళ్లు వదిలే పని మనసుకి మంచిదే. దానితోపాటు ఒక పని చెప్పాను. పీడకలలకు వాడే పద్ధతే ఇది. కలని కాగితం మీద ఉన్నదున్నట్టు రాయాలి. తరవాత ముగింపు నీకు నచ్చినట్టు మార్చి రాయాలి. ఆ మార్చిన కలని పగటిపూట రోజూ ఓ పావుగంట కళ్లు మూసుకుని చూసుకోవాలి. కల పోవాలని కాదు, భయం పోవాలని.

అన్నయ్య ఏం మార్చాడో చైత్రంలో రాసిన ఉత్తరంలో చెప్పాడు. వదినని లోపలికి రమ్మనలేదట. తాను మంచం దిగి వెళ్లి గడప మీద కూర్చుంటాడు. “తలనొప్పి అన్నప్పుడు వినిపించుకోలేదు” అంటాడు. అంతవరకే రాశాడు. ఆవిడ జవాబు ఏమిటో రాయడానికి చెయ్యి రాలేదన్నాడు, నేనూ బలవంతపెట్టలేదు.

కల ఇప్పుడు నెలకోసారి వస్తోంది. వదిన ఇంకా మాట్లాడలేదు. మీ ఇంట్లోనో వీధిలోనో భార్య పోయిన పెద్దమనిషి ఉంటే, ఈసారి కలిసినప్పుడు పుణ్యస్త్రీ మాట ఎత్తకండి. “ఆవిడ కల్లోకి వస్తుంటారా?” అని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోండి.