బియ్యానికి పప్పు: ధర ఎక్కడ కుదురుతుంది?

ఒక వరి రైతు దగ్గర 32 కిలోల బియ్యం, 4 కిలోల కందిపప్పు ఉన్నాయి. పక్క ఊరి కంది రైతు దగ్గర 8 కిలోల బియ్యం, 36 కిలోల పప్పు. డబ్బుతో పని లేదు, ఇచ్చిపుచ్చుకోవడమే. ఏ లెక్కన మార్చుకోవాలి?

1881లో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త ఇలాంటి బేరాన్నే గణితంతో పరిశీలించాడు. ఆయన పేరు మీదున్న పెట్టెలో అడ్డం కొలత మొత్తం బియ్యం, నిలువు కొలత మొత్తం పప్పు. మన లెక్కలో రెండూ 40 కిలోలే. వరి రైతు వాటాను ఎడమవైపు కింది మూల నుంచి, కంది రైతు వాటాను కుడివైపు పై మూల నుంచి కొలుస్తారు. లోపల ఎక్కడ చుక్క పెట్టినా అదొక పూర్తి పంపకం.

ఇక ఇష్టాలు. వరి రైతు తృప్తిలో రెండు సరుకుల ఘాతాలూ 1/2. కంది రైతుకు బియ్యం ఘాతం 1/4, పప్పుది 3/4. ఘాతాల మొత్తం 1 కాబట్టి, ధర ఎంతైనా ప్రతి ఒక్కరూ తమ సరుకు మొత్తం విలువలో ఘాతం చెప్పిన వంతునే ఆ వస్తువుకు కేటాయిస్తారు. ఈ రూపంలోని సౌలభ్యమంతా అదే.

బేరం మొదలయ్యే చోట వరి రైతు కిలోకు 125 గ్రాముల పప్పు చొప్పున వచ్చినా కొంచెం బియ్యం వదులుకుంటాడు. కంది రైతు కిలోన్నర చొప్పున ఇవ్వడానికైనా సిద్ధం. ఈ తేడా ఉన్నంతవరకు ఇద్దరూ బాగుపడే మార్పిడి ఒకటి మిగిలే ఉంటుంది. తేడా పోయిన చుక్కలన్నిటినీ కలిపితే వచ్చేది ఒప్పంద రేఖ. వరి రైతుకు x కిలోల బియ్యం, y కిలోల పప్పు దక్కితే ఆ రేఖ y = 20x/(60 − x).

రేఖంతా బేరానికి పనికిరాదు. మొదటికంటే నష్టపోవడానికి ఎవరూ ఒప్పుకోరు కనుక, వరి రైతుకు చివరికి మిగిలే బియ్యం సుమారు 16.7 నుంచి 22.7 కిలోల మధ్యే ఉండాలి.

ఇందులో ఏ చుక్క? ధర ఇక్కడే అవసరమవుతుంది. కిలోకు కిలో అనుకుని చూడండి. వరి రైతు సరుకు విలువ 36, సగం చొప్పున 18 కిలోల బియ్యం కోరతాడు. కంది రైతు విలువ 44, అందులో పావు వంతు 11 కిలోలు. మొత్తం 29 కిలోలే అడిగారు, 11 కిలోల బియ్యం మిగిలిపోయింది. పప్పు సరిగ్గా అంతే తక్కువ పడింది. బియ్యం ధర దిగాలి. కిలో బియ్యానికి అరకిలో పప్పు అన్నప్పుడు ఇద్దరికీ చెరో 20 కిలోల బియ్యం, పప్పు 10, 30 కిలోలుగా సరిపోతుంది. వరి రైతు 12 కిలోల బియ్యం ఇచ్చి 6 కిలోల పప్పు తెచ్చుకున్నట్టు. ఆ చుక్క ఒప్పంద రేఖ మీదే ఉంది.

అయితే ఇద్దరే ఉన్నప్పుడు ఈ ధరే కుదరాలని లేదు. గట్టిగా బేరమాడేవాడు చుక్కను తనకు లాభమైన కొసకు లాగగలడు. అలాంటి రైతులు రెండు వైపులా పెరిగేకొద్దీ ఆ అవకాశం కుంచించుకుపోయి పోటీ ధర దగ్గరికి చేరుతుందన్నదే ఎడ్జ్‌వర్త్ చెప్పిన అసలు మాట.