రెండో పట్టకం దగ్గరికి వచ్చినప్పుడు

గాజు లోపలి నుంచి గాలి అంచును బాగా ఏటవాలుగా తాకిన కాంతి బయటికి రాదు, మొత్తం వెనక్కి మళ్లుతుంది. దీన్ని సంపూర్ణాంతర పరావర్తనం అని బడిలో చదువుకున్నాం. మామూలు గాజులో సందిగ్ధ కోణం దాదాపు 42 డిగ్రీలు. కాబట్టి 45 డిగ్రీల కోణంతో వచ్చే కాంతికి పట్టకం అడుగుతలం అద్దమైపోతుంది. పాఠ్యపుస్తకం బొమ్మలో కిరణం సరిగ్గా అంచు మీదే మలుపు తిరుగుతుంది. ఆ బొమ్మ ఒక ముఖ్యమైన సంగతిని దాచేస్తుంది.

కాంతి ఒక తరంగం. దాని విద్యుత్ క్షేత్రం గాజు అంచు దగ్గర ఒక్కసారిగా సున్నా అయిపోదు. కొంత గాలిలోకి చొచ్చుకొచ్చి, దూరం పెరిగేకొద్దీ వేగంగా సన్నగిల్లుతుంది. అదే ఎవనెసెంట్ తరంగం. అది అంచు వెంబడి సాగుతుందే తప్ప శక్తిని గాలిలో దూరంగా మోసుకుపోదు. అందుకే పరావర్తనం సంపూర్ణంగానే ఉంటుంది.

ఇప్పుడు రెండో పట్టకాన్ని మొదటిదానికి ఎదురుగా, సమాంతరంగా దగ్గరికి జరుపుదాం. సన్నగిల్లుతున్న ఆ క్షేత్రం పూర్తిగా ఆరిపోకముందే రెండో గాజును తాకితే, అక్కడ మళ్లీ మామూలు కాంతిగా ముందుకు సాగుతుంది. బయటికి వెళ్లినంత మేరకు పరావర్తనం తగ్గుతుంది. సంపూర్ణ పరావర్తనం భంగమైనట్టే.

ఎంత దగ్గరికి జరపాలి? 633 నానోమీటర్ల ఎర్రని లేజర్ కాంతిని, దాని విద్యుత్ క్షేత్రం గాజు తలానికి సమాంతరంగా ఊగేలా పంపామనుకుందాం. మధ్య ఖాళీ ఒక తరంగదైర్ఘ్యమంత ఉంటే అవతలికి చేరేది 2 శాతం లోపే. సగానికి తగ్గిస్తే సుమారు 16 శాతం. పదో వంతుకు, అంటే 63 నానోమీటర్లకు తెస్తే దాదాపు 88 శాతం అవుతుంది. ఒక్క ధూళికణం అడ్డుపడినా రెండు గాజులూ అంతకు ఎన్నో రెట్లు ఎడంగా ఉండిపోతాయి. ఎంత బిగించినా అవతల వెలుగు కనిపించకపోతే, మొదట అనుమానించాల్సింది దుమ్మునే.

ఈ చిక్కును దాటే దారి జగదీశ్ చంద్ర బోస్ ప్రయోగాల్లో కనిపిస్తుంది. 1890లలో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన మిల్లీమీటర్లలో కొలవగల విద్యుత్ తరంగాలను పుట్టించారు. రెండు పట్టకాల మధ్య గాలి పొర మందాన్ని మారుస్తూ, పరావర్తనం ఎక్కడ సంపూర్ణమవుతుందో పరిశీలించి 1897లో ప్రచురించారు. తరంగదైర్ఘ్యం పెరిగితే అందుకు కావలసిన గాలి పొర మందమూ పెరుగుతుందని తేల్చారు.

నేటి కాలేజీ ప్రయోగశాలల్లో 3 సెంటీమీటర్ల మైక్రోతరంగాలతో, మైనపు పట్టకాలతో ఇదే చేయవచ్చు. మైనం వక్రీభవన గుణకం గాజుకు దగ్గరగానే, 1.5 వద్ద ఉంటుంది కాబట్టి పై శాతాలు దాదాపు అలాగే వస్తాయి. కాకపోతే 63 నానోమీటర్ల ఖాళీ స్థానంలో 3 మిల్లీమీటర్లు ఉంటాయి. స్కేలు పెట్టి కొలవవచ్చు. పట్టకాన్ని చేత్తో జరుపుతూ పోతే ఒక మీటరు ముల్లు పడిపోతుంటే, మరో మీటరు ముల్లు లేస్తుంది.

తెల్లని కాంతితో చేస్తే మరో తేడా తెలుస్తుంది. నీలం కంటే ఎరుపు తరంగదైర్ఘ్యం పెద్దది, కాబట్టి అదే ఖాళీని ఎరుపే ఎక్కువగా దాటుతుంది. అవతలికి వెళ్లిన కాంతి కాస్త ఎర్రబారుతుంది, వెనక్కి మళ్లినదానిలో నీలం పాలు పెరుగుతుంది.