తిన్న అన్నం కడుపు దాటకపోతే

మధ్యాహ్నం తిన్న తోటకూర వేపుడు రాత్రి తొమ్మిదింటికి వాంతిలో ఆకు ఆకులాగే కనబడితే దాన్ని గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా అరికాళ్ల తిమ్మిర్లు, కంటి రెటీనా సమస్య అప్పటికే మొదలైనవాళ్లలో, ఇది గ్యాస్ట్రోపరేసిస్ కావచ్చు. దారిలో అడ్డేమీ లేకపోయినా కడుపు తనంతట తాను ఖాళీ కాలేని జబ్బు ఇది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. వికారం, ఉబ్బరం, పైకడుపులో నొప్పి ఉంటాయి.

మనం నమిలి మింగిన అన్నాన్ని కడుపు కింది భాగం రుబ్బురోలులా నూరుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులయ్యాకే పేగులోకి వదులుతుంది. ఈ పనిని నడిపించేవి వేగస్ నరమూ, కడుపు గోడలో లయను పుట్టించే ప్రత్యేక కణాలూ. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్ ఈ రెంటినీ దెబ్బతీస్తుంది. అయితే ద్రవాలను నూరాల్సిన పని లేదు కాబట్టి, రుబ్బే శక్తి తగ్గిన కడుపు నుంచి కూడా అవి చాలావరకు జారిపోతాయి. తిండి విషయంలో చెప్పే జాగ్రత్తలన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి.

జబ్బును తేల్చడానికి ముందు ఎండోస్కోపీ చేసి పుండు, గడ్డ వంటి అడ్డంకులు లేవని చూస్తారు. తర్వాత అతి స్వల్పంగా రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం తినిపించి నాలుగు గంటల పాటు స్కాన్ తీస్తారు. నాలుగో గంటకు పదో వంతు కంటే ఎక్కువ కడుపులోనే ఉంటే జబ్బు ఉన్నట్టు. ఆ రోజు షుగర్ బాగా ఎక్కువగా ఉంటే ఫలితాన్ని నమ్మడానికి లేదు, ఎందుకంటే పెరిగిన షుగర్ కూడా కడుపును మందగింపజేస్తుంది. బరువుకీ షుగర్‌కీ ఇచ్చే సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్ వంటి మందులూ అదే పని చేస్తాయి. వాటిని వాడుతున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఉదాహరణకు యాభై రెండేళ్ల గృహిణి ఒకామె ఉన్నారనుకుందాం. పదహారేళ్లుగా షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు, బరువు 58 కిలోలు. షుగర్ ఉన్నవాళ్లకు అందరూ చెప్పేదే ఆమె శ్రద్ధగా పాటిస్తున్నారు: ఉదయం జొన్నరొట్టె, మధ్యాహ్నం కొంచెం అన్నంలో బోలెడు ఆకుకూర, సాయంత్రం ఉడికించిన శనగలు. ఈ తిండి షుగర్‌కి మంచిదే. కానీ ఆమె కడుపు దాన్ని నూరలేదు. అరగని పీచు పోగుపడి కడుపులో ఉండలు కట్టే ప్రమాదం కూడా ఉంది. ఇన్నేళ్లూ మంచిదని విన్నదాన్ని ఇప్పుడు మానమంటే ఇంట్లో ఎవరూ నమ్మరు. ఈ జబ్బులో అన్నిటికంటే కష్టం అక్కడే.

ముందు మార్చాల్సింది పరిమాణం. మూడు పూటల తిండిని ఆరు పూటలకు పంచాలి, పూటకు ఒక కప్పు మించకుండా. పొద్దున రెండు చిన్న ఇడ్లీలు, కొబ్బరి చట్నీకి బదులు పలచని పెసరకట్టు. పదింటికి గ్లాసు మజ్జిగ. మధ్యాహ్నం మెత్తగా ఉడికిన అన్నంలో పెసరపప్పు, తొక్కా గింజలూ తీసిన సొరకాయ కలిపి మెదిపిన ముద్ద. నాలుగింటికి ఉడికించిన గుడ్డు తెల్లసొన. రాత్రి ఏడింటికి జారుగా చేసిన రవ్వ జావ, పడుకునే ముందు, కనీసం గంటన్నర ముందుగా, పాలు. ముద్ద మెత్తగా లేదనిపిస్తే మిక్సీలో వేయాలి. కడుపు చేయలేని పనిని మిక్సీ చేస్తుంది. తిన్నాక పడుకోకుండా కాసేపు నడవాలి.

పీచులో గోంగూర, మునక్కాయ, కొబ్బరి, జామ, నారింజ తొనల పొర, శనగల తొక్క పక్కన పెట్టాలి. మలబద్ధకానికని ఇసబ్‌గోల్ వాడుతుంటే డాక్టరును అడిగి మార్చుకోవాలి. కొవ్వు కడుపును మరింత ఆలస్యం చేస్తుంది కాబట్టి వేపుళ్లు, గారెలు, నూనె తేలే ఆవకాయ వద్దు. రోజుకు 40 గ్రాముల లోపు కొవ్వు ఒక లెక్క, టీస్పూను నూనె దాదాపు 5 గ్రాములు. కానీ పాలలాంటి ద్రవంలో ఉన్న కొవ్వును చాలామంది తట్టుకుంటారు. బరువు తగ్గుతున్నవాళ్లకు అదీ ఆపేస్తే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇన్సులిన్ సంగతి ఇంతకంటే సున్నితమైనది. తినేముందు సూది వేసుకుంటే మందు పని మొదలుపెట్టేస్తుంది, అన్నం మాత్రం కడుపులోనే ఉంటుంది. గంటకు షుగర్ పడిపోయి చెమటలు పడతాయి, నాలుగు గంటలకు మూడువందలు దాటుతుంది. ఇలా జరుగుతుంటే సూదిని తిన్న తర్వాత వేయడం, రెండు భాగాలుగా వేయడం వంటి మార్పులు డాక్టరు చెబుతారు. షుగర్ పడిపోయినప్పుడు లడ్డూ, బిస్కెట్ల కంటే నీళ్లలో కలిపిన గ్లూకోజ్ త్వరగా అందుతుంది.

ఇవన్నీ చేసి, మెటోక్లోప్రమైడ్ లాంటి మందులు డాక్టరు పర్యవేక్షణలో వాడి, ఆఖరికి ద్రవాహారం మీదే ఉన్నా ఆమె బరువు నాలుగు నెలల్లో 52 కిలోలకు దిగిందనుకోండి. పదిశాతం పైనే పోయింది. ఇక ఆలస్యం చేయకూడదు. మూడు నుంచి ఆరు నెలల్లో పదిశాతం బరువు తగ్గడం, వాంతులతో పదేపదే ఆస్పత్రిలో చేరడం, మాత్రలూ నీళ్లూ కూడా నిలవకపోవడం: వీటిలో ఏది ఉన్నా కడుపును దాటి తిండి అందించే మార్గం గురించి మాట్లాడాలి.

కడుపులోకే ట్యూబు వేస్తే లాభం లేదు, పోసింది ఆ కదలని సంచిలోనే పడుతుంది. అందుకే ట్యూబు చివరను కడుపు అవతల, చిన్నపేగులోని జెజునమ్ దాకా పంపుతారు. ఒకేసారి పొట్ట మీద రంధ్రం చేయరు. ముందు ముక్కు ద్వారా సన్నటి ట్యూబు వేసి రెండు మూడు రోజులు పరీక్షిస్తారు. గంటకు 20 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. పేగు సంచి కాదు, ఒకేసారి గ్లాసెడు పోస్తే కడుపునొప్పి, విరేచనాలు. కాబట్టి పంపు ద్వారా సన్నగా వెళ్లాలి. చాలాకాలం తిండి లేనివాళ్లకు ఒక్కసారిగా పోషణ అందితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు, మొదటి రోజుల్లో రక్తపరీక్షలు తప్పవు.

ఆమెకు రోజుకు దాదాపు 1400 కేలరీలు కావాలి, నోటితో 500 వెళ్తున్నాయి. మిల్లీలీటరుకు ఒక కేలరీ ఉన్న ద్రవాన్ని గంటకు 75 చొప్పున రాత్రి పన్నెండు గంటలు ఇస్తే మిగతా 900 అందుతాయి. ఆ వేగాన్ని పేగు తట్టుకుంటే అప్పుడు ఎండోస్కోపీతోనో ఆపరేషన్‌తోనో జెజునమ్‌లోకి శాశ్వత మార్గం అమరుస్తారు. తట్టుకోకపోతే పేగు కదలిక కూడా దెబ్బతిన్నట్టు, అప్పుడు రక్తనాళం ద్వారా పోషణ ఒక్కటే మిగులుతుంది. దానికి ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ కనుక చివరిదాకా దాని జోలికి పోరు.

ఇంటికొచ్చాక గుర్తుంచుకోవాల్సిన ముప్పు ఒకటుంది. రాత్రి ఫీడ్‌కి సరిపడా ఇన్సులిన్ వేశాక కరెంటు పోయి పంపు ఆగినా, ట్యూబు మూసుకున్నా షుగర్ నిద్రలోనే పడిపోతుంది. బ్యాటరీ ఉన్న పంపు, పక్కన గ్లూకోమీటరు, ఫీడ్ ఆగితే ఏం చేయాలో డాక్టరు రాసిచ్చిన కాగితం ఉండాలి. ట్యూబు మూసుకుపోకుండా నీళ్లతో తరచూ కడగాలి.

ట్యూబు పెట్టారంటే ఇక అయిపోయినట్టే అని చాలా కుటుంబాలు భయపడి నెలలు గడిపేస్తాయి. ట్యూబు ఉన్నా నోటితో తినగలిగినంత తినొచ్చు, బరువు కోలుకుని వాంతులు తగ్గితే దాన్ని తీసేయనూవచ్చు. ఎముకలు తేలాక పెట్టినదానికంటే ముందుగా పెట్టినది ఎక్కువ ఉపయోగపడుతుంది. మీ ఇంట్లో ఇలాంటివారుంటే వారానికోసారి ఒకే వేళకు బరువు చూసి రాసి పెట్టండి. పదిశాతం తగ్గితే డాక్టరు చెప్పేదాకా ఆగకుండా జెజునమ్ ఫీడింగ్ గురించి మీరే అడగండి.