సబితం జలపాతం, వెలుగు గీతలు: కొన్ని విశేషాలు

బసంత్‌నగర్ దాటి సబితం వైపు మళ్లితే వానాకాలంలో గౌరీగుండాల జలపాతం కనిపిస్తుంది. నీళ్లు పాలలా జారుతూ, బండ మాత్రం ప్రతి పగులూ తెలిసేలా ఉండి, ముందు ఒక నారింజ రంగు వెలుగు గీత మెలికలు తిరిగిన ఫొటో ఈ మధ్య ఫోన్లలో బాగా తిరుగుతోంది. అలాంటివాటిలో కెమెరాతో తీసినవి కొన్నయితే, ప్రాంప్ట్ రాసి ఏఐతో గీయించినవి మరికొన్ని. ప్రాంప్ట్ రాయాలన్నా, ఏది అసలుదో పట్టుకోవాలన్నా ముందు కెమెరా ఏం చేస్తుందో తెలియాలి.

షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటే అంతసేపటి వెలుగునూ కెమెరా ఒకే చోట పోగేస్తుంది. బండ కదలదు కనుక దాని వెలుగంతా ఒకే చోట పడి గీతలు పదునుగా వస్తాయి. నీరు కదులుతుంది కనుక అలికినట్టవుతుంది. స్టాండ్ ఏమాత్రం కదిలినా బండ మీది పగుళ్ల అంచులు రెండేసిగా కనిపిస్తాయి. పక్కన చెట్టు కొమ్మ మసకబారితే మాత్రం కంగారు పడక్కర్లేదు, అది గాలి పని. తీసినవాడి చేయి వణికిందా, గాలి వీచిందా తేల్చుకోవాలంటే బండ వైపే చూడాలి.

నీళ్లు పట్టు పోగుల్లా కనిపించడానికి ఎన్ని నిమిషాలో కావాలనుకుంటారు చాలామంది. అరసెకను నుంచి సెకను చాలు. పోగులు పోగులుగా, ఏ పాయ ఎటు జారిందో తెలిసేలా వస్తాయి. పది, ఇరవై సెకన్లకు వెళ్తే పోగులు పోయి పొగమంచు మిగులుతుంది. రెండూ అందమే కానీ రెండూ ఒకటి కావు.

లెక్క కూడా తేలికే. సాయంత్రం పొద్దు వాలాక ఎఫ్/8 దగ్గర కెమెరా పావు సెకను చూపించిందనుకోండి. తడి బండ మీది మెరుపు తీసేయడానికి పోలరైజర్ బిగిస్తే వెలుగు దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది, టైము సెకను అవుతుంది. పోగులకు అది సరిపోయింది. పోలరైజర్ తీసి ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ పెడితే వెలుగు 64 రెట్లు తగ్గుతుంది, అంటే పావు సెకను కాస్తా 16 సెకన్లవుతుంది. ఆ 16 సెకన్లలో ఒకరు టార్చి పట్టుకుని బండ ముందు నడిచి మెలిక గీయవచ్చు. ఫిల్టర్ లేకుండా ఎఫ్/22 పెట్టి టైము లాగుదామంటే లెన్సు సన్న రంధ్రంలో వెలుగు చెదిరి, మనం కోరుకున్న బండ పదునే పోతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. గీత గీయడానికి పదహారు సెకన్లు కావాలి, పట్టు పోగులకు ఒక్క సెకను. ఒకే క్లిక్కులో రెండూ రావు. అనుభవం ఉన్నవాళ్లు స్టాండు కదపకుండా రెండు ఫొటోలు తీసి కలుపుతారు. పోగులూ గీతా రెండూ నిగనిగలాడుతున్న ఫొటో ‘ఒకే షాట్’ అని ఎవరైనా అంటే నేనైతే నమ్మను.

మరో విశేషం. షట్టర్ టైము పది నుంచి ఇరవై సెకన్లకు పెంచితే బండ వెలుగు రెట్టింపవుతుంది, టార్చి గీత వెలుగు మాత్రం పెరగదు. టార్చి ఒక్కో చోట క్షణమే ఉండి ముందుకు పోతుంది మరి. గీత ఎంత మెరవాలన్నది టార్చి ఎంత నిదానంగా తిప్పాం, ఎఫ్ నంబరు, ఐఎస్‌ఓ ఎంత అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. టార్చి పట్టుకున్న మనిషి నల్లబట్టలు వేసుకుని కదులుతూ ఉంటే ఫొటోలో పడనే పడడు. మనిషి కూడా కావాలంటే ఒక్కసారి ఫ్లాష్ కొట్టాలి. 1949లో యోన్ మిలీ తీసిన ఫొటోల్లో పికాసో గాల్లో టార్చితో బొమ్మలు గీస్తూ, తనూ కనిపించేది అందుకే.

ఇంతకీ ఈ విద్య మొదట కళ కోసం పుట్టింది కాదు. అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1910ల్లో పనివాళ్ల చేతులకు చిన్న బల్బులు కట్టి లాంగ్ ఎక్స్‌పోజర్ తీశారు. పనిలో చేయి ఎక్కడ వృథాగా తిరుగుతోందో చూడటం వాళ్ల ఉద్దేశం. బల్బును ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటే గీత ముక్కలుగా పడేది, ఆ ముక్కల పొడవును బట్టి వేగం తెలిసేది. బొగ్గు బావి దగ్గర షిఫ్టు మారేటప్పుడు క్యాప్‌ల్యాంపులతో కదిలే కార్మికులను అదే పద్ధతిలో తీస్తే తల ఎంత ఎత్తులో ఊగిందో గీతే చెబుతుంది.

ముక్కల గీత ఇవాళ మన రోడ్ల మీద కూడా దొరుకుతుంది. చాలా ఎల్‌ఈడీ లైట్లు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. రాజీవ్ రహదారి మీద రాత్రి తీసిన ఫొటోలో కొన్ని బండ్ల గీతలు చుక్కలు చుక్కలుగా పడటానికి కారణం అదే. పాత బల్బు లారీది మాత్రం ఏకధార.

ఇక ప్రాంప్టు సంగతి. అందులో ‘ఎఫ్/8, 16 సెకన్లు’ అని రాస్తే ఏఐ లెక్క కట్టదు. అలాంటి మాటలున్న ఫొటోలు ఎలా ఉంటాయో చూసి నేర్చుకున్న పోలిక మాత్రమే తెస్తుంది. అందుకే అంకెల కన్నా కనబడేదాన్ని రాయడం మేలు. 2022లో వచ్చిన తొలి స్టేబుల్ డిఫ్యూజన్ దాదాపు 75 ముక్కల వరకే ప్రాంప్టును చదువుతుంది. తెలుగు అక్షరం ఒక్కటే రెండు మూడు ముక్కలైపోతుంది కాబట్టి దానికి ఇంగ్లిష్‌లో రాయక తప్పదు. పైన చెప్పిన 16 సెకన్ల ఫొటోకు ఇలా రాయవచ్చు:

```
long exposure photo, monsoon waterfall over dark wet rock,
smooth misty white water, sharp rock edges, blue hour,
one orange light trail curving in front of the rock,
its glow on the wet stone and in the pool
```

పోగులు అడగలేదు, గమనించండి. గీత అంత పొడవుంటే నీరు మంచులాగే ఉండాలి. చివరి వరుస కూడా ఊరికే పెట్టింది కాదు. గీత వెలుగు తడి బండ మీదా, గుండంలోనూ పడకపోతే అది మీద అతికించినట్టే ఉంటుంది. వద్దనుకున్నవాటిని ఇక్కడ ‘వద్దు’ అని రాయకూడదు. ‘నీటి చుక్కలు వద్దు’ అంటే చుక్కలనే పట్టుకుంటుంది. నెగెటివ్ ప్రాంప్ట్ అని వేరే పెట్టె ఉంటుంది, అందులో రాయాలి:

```
frozen droplets, splash, blurred rocks, harsh sun
```

వచ్చిన బొమ్మలో ముందు చూడాల్సినవి మూడు. మంచులాంటి నీటి పక్కనే గడ్డకట్టినట్టు చుక్కలు ఎగురుతుంటే అది తప్పు, ఒకే ఫొటోలో రెండు టైములు పడ్డాయి. గీత బండ వెనక్కి వెళ్లినప్పుడు తెగాలి, బండలోంచి దూసుకుపోతే అదీ తప్పే. మూడోది రహదారి బొమ్మలకు. మనం ఎడమ వైపున నడుపుతాం కాబట్టి డివైడర్ దగ్గర నిలబడి చూస్తే వెళ్లే బండ్ల ఎర్ర గీతలు ఎడమన, వచ్చే బండ్ల తెల్ల గీతలు కుడిన ఉండాలి. బసంత్‌నగర్ అని పేరు పెట్టి ఎర్ర గీతలు కుడిన చూపిస్తే ఆ రోడ్డు అమెరికాదే.

చివరగా ఒక మాట. ఇలా గీయించిన బొమ్మను సబితం పేరుతో పంచితే కింద ‘ఏఐ బొమ్మ’ అని రాయండి. ఎండాకాలంలో ఆ బొమ్మ చూసి పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవాళ్లకు అక్కడ బండ తప్ప నీళ్లు కనిపించవు.